డిపో మూసేస్తున్నప్పుడు సిబ్బందికి చెప్పాల్సిన తీరు: ఏది ఖాయం, ఏది తేలలేదు, మళ్లీ ఎప్పుడు చెబుతారు

చిన్న, మధ్యతరహా సంస్థల ఓనర్లు, హెచ్‌ఆర్ చూసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "అంతా తేలాక ఒకేసారి చెబుదామా, ఇప్పుడే చెబుదామా?" అంతా తేలేదాకా ఆగితే మీకంటే ముందు వార్తే చేరిపోతుంది. గోదాం కొలతలు తీసుకోవడానికి బిల్డింగ్ ఓనర్ ఎవరినో పంపుతాడు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లను కొత్త రేటు అడుగుతారు. సాయంత్రానికి హమాలీలు టీ కొట్టు దగ్గర దాని గురించే మాట్లాడుకుంటుంటారు. కాబట్టి తేలినంత వరకు చెప్పాలి, తేలనిది తేలలేదనే చెప్పాలి. దాన్ని ఎలా చెప్పాలన్నదే ఇక్కడి విషయం.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊహా ఉదాహరణ వాడదాం. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు హోల్‌సేల్‌గా సరఫరా చేసే సంస్థ ఒకటి ఉంది. ఆఫీసు హనుమకొండలో, పెద్ద గోదాం ఏనుమాముల దగ్గర, డిపోలు కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాలలో. పెద్దపల్లి డిపోను నవంబర్ 30న మూసేసి, సరుకు కరీంనగర్ నుంచి పంపాలని, బిల్లింగ్ హనుమకొండకు తేవాలని నిర్ణయించారు. పెద్దపల్లిలో 14 మంది ఉన్నారు: మేనేజర్, బిల్లింగ్‌లో నలుగురు, ఫీల్డులో ముగ్గురు, ఇద్దరు డ్రైవర్లు, కాంట్రాక్టు మీద నలుగురు హమాలీలు.

## 1. ముందు కాగితం మీద నాలుగు కుప్పలు పోయండి

మీటింగ్ గురించి ఆలోచించే ముందు, నిర్ణయం తీసుకున్నవాళ్లందరూ ఒక టేబుల్ చుట్టూ కూర్చుని ప్రతి విషయాన్నీ నాలుగింట్లో ఒక చోట రాయాలి: ఖాయమైనవి, ఇంకా తేలనివి, ఖాయమే కానీ ఇప్పుడు చెప్పలేనివి, అసలు మారనివి.

ఎక్కువ తప్పులు మొదటి కుప్పలోనే జరుగుతాయి. "దాదాపు ఖాయమే" అనుకున్నవన్నీ అందులో చేరిపోతాయి. ఒక విషయం ఖాయమా కాదా తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. సంతకం పెట్టాల్సిన మనిషి పెట్టాడా? దానికి కావలసిన డబ్బు పక్కన పెట్టారా? రేపు ఒక ఫోన్ కాల్ వస్తే ఇది మారుతుందా? హైదరాబాద్‌లో ఉన్న పార్ట్‌నర్ ఫోన్లో "సరే చూద్దాం" అన్నది ఖాయం కిందికి రాదు. అది రెండో కుప్పలోకి వెళ్లాలి.

మన ఉదాహరణలో కుప్పలు ఇలా ఉంటాయి.

ఖాయమైనవి
- పెద్దపల్లి డిపో నవంబర్ 30న మూతపడుతుంది.
- ఫీల్డు సిబ్బంది ముగ్గురూ అదే మండలాల్లో పనిచేస్తారు, రిపోర్టింగ్ కరీంనగర్‌కు.
- హనుమకొండ బిల్లింగ్‌లో రెండు ఉద్యోగాలే ఉంటాయి.
- హమాలీల కాంట్రాక్టు నవంబర్ 30తో ముగుస్తుంది.

తేలనివి
- బిల్లింగ్‌లోని నలుగురిలో ఆ ఇద్దరు ఎవరు?
- డ్రైవర్లను కరీంనగర్‌కు తీసుకుంటారా?
- రోజూ ట్రైన్‌లో వచ్చిపోయేవాళ్లకు ఆఫీసు టైమ్ సడలిస్తారా?
- మేనేజర్‌కు ఎక్కడ, ఏ బాధ్యత?

ఇప్పుడు చెప్పలేనివి
- మంచిర్యాల డిపో గురించి ఒక కంపెనీతో నడుస్తున్న మాటలు.

మారనివి
- కరీంనగర్‌లో, ఏనుమాముల గోదాంలో ఉన్నవాళ్ల ఉద్యోగాలు, జీతాలు.

నాలుగో కుప్ప చాలామందికి గుర్తుండదు. పెద్దపల్లి గురించి మాత్రమే చెప్పి ఊరుకుంటే, మిగతా డిపోల వాళ్లు ఆ రాత్రే తమ సంగతి తామే ఊహించుకుంటారు. అయితే "మారదు" అని రాసే ముందు దానికీ ఆ మూడు ప్రశ్నలూ వేయండి.

మూడో కుప్పను రెండో దాంట్లో దాచకండి. మీటింగ్‌లో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, "మంచిర్యాల కూడా మూస్తరా సార్?" అని. "నాకు తెల్వది" అనడం అబద్ధం, "అసొంటిదేం లేదు" అనడం ఇంకా పెద్ద అబద్ధం. ఈ రెండింటిలో ఏది అన్నా, తర్వాత బయటపడ్డ రోజు మీరు పెద్దపల్లి గురించి చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు. ఇలా చెప్పవచ్చు: "మంచిర్యాల గురించి మాటలు నడుస్తున్నయ్. వివరాలు ఇప్పుడు చెప్పలేను. నవంబర్ 10న అక్కడివాళ్లకు నేనే వచ్చి చెప్త." మంచిర్యాల వాళ్లకు కూడా అదే రోజు ఇదే మాట చెప్పాలన్నది ఇందులోనే ఉంది.

## 2. తేలని విషయాన్ని ఐదు ముక్కల్లో రాయండి

"త్వరలో చెబుతాం" అనేది సమాచారం కాదు. తేలని ప్రతి విషయానికీ ఐదు ముక్కలు ఉండాలి: ఏది తేలలేదు, ఎందుకు తేలలేదు, ఎవరు తేలుస్తారు, ఏ తేదీకి చెబుతారు, అప్పటిదాకా ఏం నడుస్తుంది.

డ్రైవర్ల విషయాన్ని చాలామంది రాసే తీరు: "డ్రైవర్ల అంశం పరిశీలనలో ఉంది. తగిన సమయంలో తెలియజేస్తాం."

రాయాల్సిన తీరు:

> ఇద్దరు డ్రైవర్లను కరీంనగర్‌కు తీసుకుంటామా లేదా అనేది ఇంకా తేలలేదు. అక్కడ ఒక బండి అదనంగా చాలునా, రెండు కావాలా అన్నది అక్టోబర్ మొదటి వారం లోడ్లు చూస్తేగానీ తెలియదు. కరీంనగర్ మేనేజర్, నేను కలిసి నిర్ణయిస్తాం. అక్టోబర్ 13, మంగళవారం ఉదయం 10 గంటలకు పెద్దపల్లిలోనే చెబుతాను. అప్పటిదాకా ఇద్దరికీ డ్యూటీ, జీతం, బత్తా ఇప్పటిలాగే ఉంటాయి.

చివరి వాక్యం చాలా నోటీసుల్లో కనిపించదు. వినేవాడికి మాత్రం అదే ముందు కావాలి. వచ్చే నెల జీతం పడుతుందో లేదో తెలియని మనిషికి మీ లోడ్ల లెక్క చెవికెక్కదు.

తేదీ పెట్టేటప్పుడు మీకు అనుకూలంగా జరిగితే ఎప్పటికి తేలుతుందో అది కాకుండా, దానికి ఒక వారం కలిపి పెట్టండి. దగ్గరి తేదీ పెట్టి తప్పడం కంటే దూరపు తేదీ పెట్టి నిలబెట్టుకోవడం నయం. కానీ ఆ దూరానికీ హద్దు ఉంది. ఉద్యోగం పోయేవాళ్లకు నెల ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలంటే, నవంబర్ 30 ఆఖరి పనిదినమైనప్పుడు ఆ కాగితం అక్టోబర్ 30 లోపే చేతికి అందాలి. అంటే ఎవరు ఉంటారు, ఎవరు ఉండరు అన్నదానికి ఆఖరి తేదీని మీరు కాకుండా నోటీసు గడువే పెడుతుంది. మన సంస్థ అక్టోబర్ 13 పెట్టుకుంది కాబట్టి రెండు వారాలకు పైగా వ్యవధి చేతిలో ఉంది.

## 3. డబ్బు లెక్క మీటింగ్‌కు ముందే, పేరు పేరునా

ఉద్యోగం పోయే అవకాశం ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక కాగితం సిద్ధంగా ఉండాలి. ఒకవేళ వాళ్లు ఉండిపోతే ఆ కాగితం చింపేయవచ్చు, కానీ లెక్క మాత్రం ముందే వేసి ఉండాలి.

ఏడాది నిండిన వర్కర్‌ను పని తగ్గిందని తీసేస్తే, కార్మిక చట్టం ప్రకారం నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి. దాంతోపాటు పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ వేరుగా వస్తుంది. బిల్లింగ్ క్లర్కు వర్కర్ కిందికే వస్తాడు. మేనేజర్‌కు ఈ పరిహారం నియమం వర్తించదు, అతని నియామక పత్రంలో ఏముందో చూడాలి.

ఏడేళ్లు పూర్తయిన క్లర్కు ఒకరు ఉన్నారనుకుందాం. లెక్కలోకి వచ్చే నెల వేతనం 18,200 రూపాయలు.

- పరిహారం: సగం నెల 9,100 చొప్పున ఏడేళ్లకు 63,700.
- గ్రాట్యుటీ: 18,200ను 26తో భాగిస్తే 700. దాన్ని 15తో గుణిస్తే 10,500. ఏడేళ్లకు 73,500.

రెండూ కలిపి 1,37,200 రూపాయలు. నోటీసు కాలం జీతం, మిగిలిన సెలవుల డబ్బు దీనికి అదనం. కాగితం మీద రెండు పద్దులూ విడివిడిగానే కనపడాలి. గ్రాట్యుటీని పరిహారంలో కలిపి "కంపెనీ లక్షన్నర దాకా ఇస్తోంది" అని చెప్పడం కొందరికి అలవాటు. గ్రాట్యుటీ ఎలాగూ అతనికి రావాల్సిన సొమ్మే. అది అతనికీ తెలుసు, లేదా సాయంత్రానికి ఎవరో చెబుతారు.

పరిహారం తొలగించే నాటికే చేతికి అందాలి, గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఉంటుంది. ఏ డబ్బు ఏ తేదీకి పడుతుందో కాగితం మీదే రాయండి.

ఎవరిని ఉంచాలన్న విషయంలో కూడా చట్టం ఒక వరుస చెప్పింది: అదే కేటగిరీలో చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలి, వేరేలా చేస్తే కారణం రాయాలి. హనుమకొండకు రావడానికి నలుగురిలో ముగ్గురు ఒప్పుకుంటే ఈ వరుసే వాడతామని మీటింగ్‌లోనే చెప్పేయండి. పద్ధతి ముందు చెప్పి, పేర్లు తర్వాత చెబితే "సేటు తనకు కావలసినోళ్లను పెట్టుకున్నడు" అనే మాట తగ్గుతుంది.

ఉండిపోయేవాళ్లకు షిఫ్టు టైములు, అలవెన్సులు మారుతుంటే దానికి 21 రోజుల ముందు నోటీసు నియమం ఉంది. పెద్ద ఫ్యాక్టరీ అయితే ప్రభుత్వ అనుమతి కూడా కావాల్సి రావచ్చు. లెక్కలన్నీ ఒకసారి లేబర్ కన్సల్టెంటుకు చూపించాకే మీటింగ్ తేదీ పెట్టుకోండి.

## 4. ఏ రోజు చెప్పాలి

శనివారం సాయంత్రం చెప్పి ఇంటికి పంపకండి. ఆదివారమంతా ప్రశ్నలుంటాయి, జవాబు చెప్పేవాళ్లు ఉండరు. మంగళవారం గానీ బుధవారం గానీ పొద్దున చెబితే, వారంలో మిగిలిన రోజులు మీరు అందుబాటులో ఉండవచ్చు.

దసరా విషయంలో గట్టిగా వాదన నడుస్తుంది. "పండుగ ముందు చెప్పి వాళ్ల నోట్లో మన్ను కొట్టుడెందుకు, అయినంక చెబుదాం" అనేవాళ్లే ఎక్కువ. మా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. దసరాకే బట్టలు, బంగారం కొంటారు, బైకు ఈఎంఐ మీద తీసుకుంటారు, బిడ్డను, అల్లుడిని ఇంటికి పిలుస్తారు. ఉద్యోగం పోతుందని మీకు తెలిసీ, అతను అప్పు చేసేదాకా ఆగి చెబితే, అతని పండుగ మిగల్లేదు సరికదా, నెత్తిన కిస్తీ మిగిలింది. మన సంస్థ సెప్టెంబర్ 22, మంగళవారం పెట్టుకుంది. పండుగ ఖర్చులు మొదలయ్యేలోపే విషయం తెలుస్తుంది.

బడి సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. డిసెంబర్‌లో మకాం మార్చమంటే పిల్లల చదువు నడిమధ్యలో ఉంటుంది. ఏప్రిల్ దాకా పెద్దపల్లి నుంచే వచ్చిపోయే వీలు ఇస్తారా? కాజీపేట లైన్ మీద ఉన్న ఊరు కాబట్టి మొదటి ప్రశ్న అదే వస్తుంది. జవాబు తెలియకపోతే రెండో కుప్పలో, తేదీతో సహా ఉండాలి.

## 5. ఆ రోజు వరుస

ముందు రోజు సాయంత్రం 5 గంటలకు: పెద్దపల్లి, కరీంనగర్, మంచిర్యాల మేనేజర్లకు, హనుమకొండ సెక్షన్ ఇన్‌చార్జులకు ఓనర్ స్వయంగా చెప్పాలి. పెద్దపల్లి మేనేజర్‌కు విడిగా, ఎదురుగా కూర్చుని చెప్పాలి, అతని ఉద్యోగం కూడా మారుతోంది కదా. వారం ముందే చెబితే ఆ వారమంతా తన కింది వాళ్ల దగ్గర నటించాల్సిన గతి పడుతుంది.

ఉదయం 9:30, పెద్దపల్లి: ఓనర్ వచ్చి నిలబడి చెప్పాలి. హెచ్‌ఆర్‌ను పంపితే కుదరదు, జూమ్ అసలే కుదరదు. హమాలీలను, వాళ్ల మేస్త్రిని కూడా అదే గదిలో కూర్చోబెట్టండి. కాంట్రాక్టు వాళ్లు కదా అని మేస్త్రికి ఫోన్లో చెప్పి వదిలేయడం మామూలే. కానీ వాళ్లు పనిచేసిన గోదామే మూతపడుతోంది. కరీంనగర్‌లో ఉన్న హమాలీ సంఘం బయటివాళ్లను రానివ్వదని తెలిస్తే ఆ మాట కూడా దాచకుండా చెప్పండి. లేకపోతే నవంబర్ దాకా ఆశతో ఉంటారు.

10:30 నుంచి 11:30 దాకా: మిగతా డిపోల్లో, ఆఫీసులో మేనేజర్లు అదే కాగితం చదవాలి. సొంత మాటలు కలపకూడదు.

మధ్యాహ్నం 12కు: ఆ కాగితం ఫొటో వాట్సాప్ గ్రూపులో. ముందు కాదు.

ఆ తర్వాతే డీలర్లకు ఫోన్లు. సుల్తానాబాద్ డీలర్ ఫోన్ చేసి అడిగితే ఫీల్డు కుర్రాడికి తన సంగతి తెలిసే పరిస్థితి రాకూడదు.

## 6. మొదటి రెండు నిమిషాలు

సంస్థ ఎట్లా పెరిగిందో, మార్కెట్ ఎంత కష్టంగా ఉందో చెప్పి ఆఖర్న విషయం చెప్పడం అలవాటు. గదిలో ఉన్నవాళ్లకు మొదటి నిమిషంలోనే అనుమానం వస్తుంది, ఆ తర్వాత మీరు చెప్పేది వినపడదు. మూడో వాక్యం లోపు విషయం బయటికి రావాలి:

> అందరికీ నమస్కారం. సూటిగా చెప్త. నవంబర్ 30తోని ఈ డిపో మూసేస్తున్నం. ఇది అయిపోయిన నిర్ణయం, మల్ల మారదు. కారణం ఒక్కటే: ఇక్కడికీ కరీంనగర్‌కూ రెండు గోదాంల కిరాయి, రెండు స్టాకులు మోసే పరిస్థితి ఇప్పుడు లేదు. మీ పనిలో లోపం ఉండి కాదు. ఇప్పుడు నాకు తెలిసినయ్ చెప్త, తెల్వనియ్ కూడా చెప్త, అవి ఏ రోజు చెప్పగలనో తేదీతోని చెప్త. ఈ కాగితం అందరికీ ఇస్తున్న.

తర్వాత కుప్పలు వరుసగా చదివి, ప్రశ్నలకు వదిలేయండి. మొత్తం 15 నిమిషాలు మించకూడదు. ప్రశ్నలకు ఎంతసేపైనా కూర్చోండి.

"మనమంతా ఒక కుటుంబం" అనే మాట ఆ రోజు వాడకండి. ఇంట్లోవాళ్లను లెటర్ ఇచ్చి పంపించరు.

## 7. ప్రశ్నలకు జవాబు

ఒకరు ప్రతి ప్రశ్ననూ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. జవాబుకు మూడే రూపాలు: తెలుసు, ఇదీ. తెలియదు, ఫలానా తేదీకి చెప్త. తెలుసు, ఇప్పుడు చెప్పలేను, ఫలానా తేదీకి చెప్త.

గట్టిగా నిలబడాల్సిన ప్రశ్న ఇలా వస్తుంది. డ్రైవర్ లేచి, "సార్, నేను ఉంటనా, వేరే చోట చూసుకోవాల్నా? ఒక్క మాట చెప్పుండ్రి" అంటాడు. జాలితో "నీకేం కాదు తమ్మీ, నేనున్న కదా" అనడం చాలా తేలిక. ఆ ఒక్క మాటతో అతను అక్టోబర్‌లో వచ్చే వేరే పనిని వదులుకుంటాడు. చెప్పాల్సింది ఇది: "తమ్మీ, ఉంటవని చెప్పలేను, ఉండవని కూడా చెప్పలేను. 13 తారీఖుకు చెప్త. ఈలోపు మంచి పని దొరికితే వదులుకోవద్దు. నువ్వు వెళ్తనన్నా నీకు రావాల్సిన లెక్క ఏందో ఇయ్యాలనే కూర్చొని చూద్దాం."

ఆ చివరి మాట అనాలంటే దాని జవాబు మీ దగ్గర ముందే ఉండాలి. తనంతట తాను రాజీనామా చేస్తే తొలగింపు పరిహారం చట్టపరంగా రాదు. సంస్థ ఇవ్వదలచుకుంటే ఎంత ఇస్తుందో, ఏ తేదీ తర్వాత వెళ్లేవాళ్లకు ఇస్తుందో ముందు రోజే నిర్ణయించి కాగితంలో రాయండి. ఇవ్వకపోతే అదీ చెప్పండి, తెలియక రాజీనామా రాసేసి నష్టపోకుండా ఉంటారు.

## 8. చెప్పిన తేదీ వచ్చినప్పుడు

వారానికోసారి, అదే రోజు, అదే టైముకు మాట్లాడండి. మన ఉదాహరణలో ప్రతి మంగళవారం 10 గంటలు. కొత్త సంగతి ఏమీ లేకపోయినా మీటింగ్ మానేయకూడదు. "ఈ వారం కొత్తగా తేలింది ఏమీ లేదు. డ్రైవర్ల విషయం 13కే" అని చెబితే రెండు నిమిషాల పని. మానేస్తే మాత్రం ఆ ఖాళీని పుకారు నింపుతుంది.

తేదీ తప్పేలా ఉంటే అది రాకముందే చెప్పాలి. 13న తేలదని 9న తెలిస్తే 9నే గ్రూపులో పెట్టండి:

> డ్రైవర్ల నిర్ణయం 13న చెబుతానన్నాను. లోడ్ల లెక్క ఇంకా పూర్తి కాలేదు. 16, శుక్రవారం ఉదయం 10కి చెబుతాను. జీతం, బత్తాలో మార్పు లేదు. 13 మీటింగ్ మాత్రం ఉంటుంది.

ఒకసారి వాయిదా వేస్తే ఒప్పుకుంటారు. రెండోసారి వేయాల్సి వస్తే, నిర్ణయం ఆలస్యమైన భారం వాళ్ల మీద కాకుండా మీ మీద పడేలా చూడండి. ఉదాహరణకు, నిర్ణయం ఎన్ని రోజులు ఆలస్యమైతే వాళ్ల ఆఖరి తేదీని అన్ని రోజులు పొడిగిస్తామని రాసివ్వండి.

ఖాయమని చెప్పిందే మారిందా? ఉదాహరణకు హనుమకొండలో రెండు కాదు, మూడు ఉద్యోగాలు ఉన్నాయని తేలిందా? మంచి వార్తే కదా అని చల్లగా మార్చేయకండి. పాత కాగితంలో ఏముంది, ఇప్పుడు ఏది మారింది, ఎందుకు మారింది అని రాసి, కొత్త తేదీ వేసి మళ్లీ ఇవ్వండి. ఈలోపు రెండే ఉన్నాయనుకుని వేరే చోట ఒప్పుకున్న మనిషిని ముందు పిలిచి అడగండి.

## 9. ఎక్కడ చెడుతుంది, ఎలా తెలుస్తుంది

మేనేజర్లు తలా ఒక మాట చెబుతున్నారు. అదే ప్రశ్న రెండు డిపోల నుంచి రెండు రకాలుగా వస్తే ఇదే కారణం. నోట్‌బుక్‌లోని ప్రశ్నలు, జవాబులు ఏ రోజుకారోజు సాయంత్రం మేనేజర్లందరికీ పంపండి.

ఎవరూ ఏమీ అడగడం లేదు. అర్థమైపోయిందని సంబరపడకండి. అందరి ముందు అడగడం ఇష్టం లేదని అర్థం. మరుసటి రోజే ఒక్కొక్కరితో పది నిమిషాలు విడిగా కూర్చోండి. లెక్క కాగితం ఇవ్వాల్సిందీ అప్పుడే.

స్టాకు లెక్కలు తేడా వస్తున్నాయి, సెలవులు పెరిగాయి. దొంగతనం అనుకునే ముందు, ఆ వారం మీరు ఇచ్చిన మాట ఏదైనా తప్పిందేమో చూడండి. ఇంటర్వ్యూలకు వెళ్లడానికి జీతంతో కూడిన సెలవు రెండు రోజులు ముందే ప్రకటిస్తే, దొంగ సెలవులు తగ్గుతాయి.

## 10. మీటింగ్‌కు ముందు రోజు చూసుకోవాల్సినవి

- ఖాయమన్న ప్రతిదానికీ సంతకం ఉందా?
- తేలని ప్రతిదానికీ ఐదు ముక్కలూ రాశారా?
- చెప్పలేని విషయానికి వాడే వాక్యం ఓనర్‌కూ, మేనేజర్లకూ ఒకటేనా?
- పేరు పేరునా లెక్క కాగితాలు సిద్ధమా, పరిహారం, గ్రాట్యుటీ విడివిడిగా ఉన్నాయా?
- నోటీసు ఇవ్వాల్సిన ఆఖరి తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టారా?
- రాజీనామా చేస్తే ఏమొస్తుందన్న ప్రశ్నకు జవాబు కాగితంలో ఉందా?
- ఆ రోజు సెలవులో ఉన్నవాళ్లకు ఎవరు, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తారు? ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ల పేరు కూడా ఈ జాబితాలో ఉందా?
- వెళ్లిపోయేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన రిజిస్టర్ ఉందా? ఏడాదిలోపు అదే కేటగిరీలో మళ్లీ మనిషిని తీసుకుంటే, తీసేసిన వర్కర్లకు ముందు అవకాశం ఇవ్వాలన్నది చట్టం. వచ్చే వానాకాలం సీజన్‌కు కరీంనగర్‌లో బిల్లింగ్ మనిషి కావాల్సి వస్తే మొదటి ఫోన్ ఆ రిజిస్టర్ చూసే చేయాలి.